పని మధ్యలో ఆగిపోతే ఎంత రావాలి? అనువాద ఒప్పందంలో కిల్ ఫీ షరతు రాసుకునే పద్ధతి

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చుని హైదరాబాద్, ఢిల్లీ సంస్థలకు అనువాదాలు చేసేవాళ్లకు ఫోన్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "సార్, ప్రస్తుతానికి ఆపేయండి. పైనుంచి ఫండ్ రాలేదు. రాగానే మళ్లీ మొదలుపెడదాం." అప్పటికి మీరు మూడోవంతు పని చేసి ఉంటారు, ఆ నెలలో వచ్చిన ఇంకో పనిని వద్దని ఉంటారు. ఫండ్ సంగతి దేవుడెరుగు, మీ డబ్బు సంగతి ఏమిటని అడిగితే అవతలివాళ్లు ఒప్పందం తీసి చూస్తారు. అందులో సాధారణంగా ఉండేది ఒకే వాక్యం: "సంస్థ ఎప్పుడైనా ఈ పనిని రద్దు చేయవచ్చు." అంతే, ఎంత ఇవ్వాలో ఉండదు.

ఆ వాక్యం పక్కన ఏం చేర్చుకోవాలో ఇక్కడ చెబుతాను. పత్రికా రచయితలకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

ముందు లెక్క వేసుకోండి

ఒప్పుకున్న పనిని క్లయింటు తన కారణాలతో ఆపేసినప్పుడు ఇచ్చే సొమ్మునే కిల్ ఫీ అంటారు. పత్రికల్లో దీన్ని మొత్తం పారితోషికంలో ఇంత శాతమని రాసే అలవాటుంది, పావు వంతు అన్నది తరచుగా వినిపించే అంకె. రెండు పేజీల వ్యాసానికి అది ఫరవాలేదు. నెల రోజులు పట్టే అనువాదానికి అదే పద్ధతి పెడితే మాత్రం మీ చేతి డబ్బే పోతుంది. ఎలాగో చూడండి.

గ్రామ ఆరోగ్య కార్యకర్తల కోసం ఫ్లోరైడ్ నీటి మీద ఒక శిక్షణ పుస్తకం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేయాలి అనుకుందాం. ఇంగ్లీషులో 30,000 పదాలు, పదానికి రూపాయిన్నర. మొత్తం 45,000. రోజుకు 1,500 పదాల చొప్పున 20 పని దినాలు. అడ్వాన్సు 30 శాతం, అంటే 13,500 చేతికొచ్చింది. తొమ్మిదో రోజు సాయంత్రం పని ఆపమని ఈమెయిల్ వచ్చింది. అప్పటికి 11,400 పదాలు అయ్యాయి.

ఒప్పందంలో "రద్దు చేస్తే మొత్తంలో 25 శాతం" అని ఉంటే మీకు రావలసింది 11,250. మీరు చేసేసిన పని విలువే 17,100. అంటే కిల్ ఫీ ఉన్నందువల్ల దాదాపు ఆరు వేలు నష్టపోయారు. ఇంకో తమాషా ఏమిటంటే, మీ దగ్గర అడ్వాన్సు 13,500 ఉంది కాబట్టి సంస్థ అకౌంటెంట్ 2,250 తిరిగి పంపమని అడగొచ్చు, అదీ ఒప్పందం ప్రకారమే.

కాబట్టి అనువాదానికి ఒకే శాతం పెట్టుకోకండి. లెక్కను రెండు ముక్కలు చేయండి. చేసేసిన పదాలకు పూర్తి రేటు. మిగిలిన పదాలకు రేటులో కొంత శాతం, ఎందుకంటే ఆ రోజులు మీరు వాళ్ల కోసం ఖాళీగా ఉంచారు. ఈ రెండో ముక్కే నిజమైన కిల్ ఫీ, మొదటిది చేసిన పనికి కూలి మాత్రమే. పై ఉదాహరణలో మిగిలినవి 18,600 పదాలు, వాటి విలువ 27,900. దానికి 30 శాతం వేస్తే 8,370. చేసిన పనికి 17,100 కలిపితే 25,470. అడ్వాన్సు పోగా ఇంకా రావలసింది 11,970.

మొదటి లెక్కలో మీరు 2,250 తిరిగి కట్టాలి, రెండో లెక్కలో మీకే 11,970 రావాలి. పనీ అదే, రద్దూ అదే.

30 శాతమే ఎందుకు, నూరు ఎందుకు కాదు

అడిగేదేదో గట్టిగా అడుగుదామని మిగిలిన పనికి కూడా నూరు శాతం రాసేవాళ్లున్నారు. సంతకం అయితే అవుతుందేమో గానీ గొడవ వచ్చినప్పుడు అది నిలబడడం కష్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని ముందే రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పై హద్దు. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్‌కూ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకీ మధ్య వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త వివరంగా చెప్పింది. అసలు నష్టమే లేకపోతే పరిహారం లేదు. నష్టాన్ని లెక్కగట్టి రుజువు చేయడం కష్టమైన చోట, ముందే నిజాయితీగా అంచనా వేసి రాసుకున్న మొత్తాన్ని ఇప్పించవచ్చు.

మన సంగతి ఈ రెండో రకానికి దగ్గరగా ఉంటుంది. రద్దయిన పదకొండు రోజుల్లో మీకు వేరే పని దొరికేదా, ఎంత దొరికేది అన్నది ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. కొన్ని రోజులు చిన్నాచితకా పని దొరుకుతుంది, కొన్ని రోజులు ఖాళీగా పోతాయి. అందుకే 25 నుంచి 40 శాతం మధ్య ఉన్న అంకెను ఎవరి ముందైనా సమర్థించుకోవచ్చు. నేను 30 దగ్గర మొదలుపెడతాను, పని మరీ పెద్దదైతే 40 అడుగుతాను, ఎందుకంటే మూడు నెలల పనికి ఖాళీ చేసుకున్నవాడికి మళ్లీ పని నిండడం అంత తేలిక కాదు.

ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. ఈ పని ఒప్పుకున్నాక వేరేవాళ్లు పని ఇస్తామంటే, ఫోన్లో వద్దని వదిలేయకుండా ఈమెయిల్లో జవాబివ్వండి: "ఫలానా తేదీ వరకు వేరే అనువాదంలో ఉన్నాను, అందుకని తీసుకోలేకపోతున్నాను." రేపు నష్టం ఏమిటని అడిగితే చూపించడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు.

రాసే తీరు కూడా చూసుకోండి. "రద్దు చేస్తే జరిమానా" అని రాయకండి. జరిమానా అన్న మాట పడిందంటే అవతలి లాయరుకు పని సులువవుతుంది. "సంస్థకు రద్దు చేసుకునే హక్కు ఉంది, ఆ హక్కు వాడుకున్నప్పుడు ఈ మొత్తం చెల్లించాలి" అని రాయండి. అప్పుడు అది తప్పుకు శిక్షలా కాకుండా, ఒక సౌకర్యానికి ధరలా చదువుకుంటుంది. పేరు మార్చినంత మాత్రాన కోర్టు అంకె సమంజసమా కాదా అని చూడడం మానదు గానీ, క్లయింటు ముందు మాట్లాడేటప్పుడు కూడా ఈ తీరే మేలు.

రద్దు అంటే ఏదో రాయండి

చాలామంది శాతం మీదే దృష్టి పెట్టి దీన్ని వదిలేస్తారు. డబ్బు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే, ఎందుకంటే తెలిసిన క్లయింటెవరూ "రద్దు" అన్న మాట వాడరు. ఆపండి అంటారు, వాయిదా వేద్దాం అంటారు, లేదా అసలు ఏమీ అనకుండా తర్వాతి అధ్యాయం పంపడం మానేస్తారు. ఆ మూడూ రద్దు కిందికి ఎప్పుడు వస్తాయో ఒప్పందమే చెప్పాలి.

వాయిదాకు ఒక గడువు పెట్టండి. పదిహేను రోజులు దాటిన వాయిదాను రద్దుగా లెక్కించాలని రాసుకోవచ్చు. మూలం అందకపోయినా అంతే. మీరు ఈమెయిల్లో గుర్తు చేశాక పది రోజుల్లో మూలం రాకపోతే రద్దు అయినట్టే. నెల తర్వాత వాళ్లు మళ్లీ మొదలుపెడతామంటే, కిల్ ఫీ కింద ఇచ్చిన సొమ్మును కొత్త బిల్లులో తగ్గిస్తానని మీరే ముందుకు రావచ్చు. ఆ ఒక్క మాటతో బేరం చాలాసార్లు తెగుతుంది.

ఎలా చెబితే రద్దు చెల్లుతుందో కూడా రాయాలి. ఈమెయిల్ ఒక్కటే చాలంటే క్లయింటు వాట్సాప్‌లో చెప్పి "చెప్పాను కదా" అంటాడు. అందుకని ఈమెయిల్ గానీ వాట్సాప్ గానీ రాతపూర్వకంగా అందిన సమయం నుంచి లెక్క అని పెట్టుకోండి. ఫోన్లో చెబితే, అది పెట్టేసిన ఐదు నిమిషాల్లో మీరే ఒక సందేశం పంపండి: "ఇప్పుడు ఫోన్లో మీరు పని ఆపమని చెప్పారు. ఆపుతున్నాను." దానికి జవాబు రాకపోయినా తేదీ, సమయం పడతాయి.

ఇంకొకటి, కారణాలు. మధ్యలో ఏజెన్సీ ఉన్నప్పుడు "మా క్లయింటే రద్దు చేశాడు, మాకే రాలేదు, మీకెక్కడినుంచి ఇస్తాం" అంటారు. సేవాసంస్థలైతే ఫండ్ రాలేదంటాయి. రెండూ నిజమే కావచ్చు. అయినా ఆ ఇబ్బంది వాళ్లు మోయాల్సింది, మీరు కాదు. "మూడో పక్షం నుంచి సంస్థకు డబ్బు అందినా అందకపోయినా" అన్న ముక్క లేకుండా ఏజెన్సీ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. శాతాల్లో కావాలంటే ఐదు తగ్గండి, దీనిమీద మాత్రం తగ్గొద్దు.

నచ్చలేదంటే?

కిల్ ఫీ తప్పించుకోవడానికి దగ్గరి దారి, రద్దు అనకుండా "నాణ్యత బాగోలేదు" అనడం. నాణ్యత నిజంగా బాగోలేకపోవచ్చు కూడా, అలాంటప్పుడు క్లయింటుకు రక్షణ ఉండాల్సిందే. అందుకని దారిని రెండువైపులా మూయాలి. అనువాదం అందిన పది రోజుల్లోపు క్లయింటు తప్పులను పేజీ, వాక్యంతో సహా చూపించాలి. వాటిని ఒకసారి ఉచితంగా సరిచేసి ఇస్తారు. పది రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఆ భాగం ఆమోదించినట్టే. "భాష ఇంకా సరళంగా ఉంటే బాగుండు" అన్నది తప్పు చూపించడం కాదు, అది కొత్త కోరిక.

పెద్ద పనిని ఒకేసారి చివర్లో ఇవ్వకుండా ఐదారు వేల పదాల చొప్పున ముక్కలుగా ఇస్తే ఈ షరతు పదునెక్కుతుంది. మన ఉదాహరణలో తొమ్మిదో రోజుకు మొదటి 6,000 పదాల ముక్క ఇచ్చేసి ఉంటే, దానికి అభ్యంతరం చెప్పే గడువు నడుస్తోంది. మొదటి ముక్క చూసి మెచ్చుకున్నవాళ్లు, ఫండ్ ఆగాక నాణ్యత మాట ఎత్తడం కష్టం.

షరతు ఇలా రాసుకోవచ్చు

ఇది మీ ఒప్పందంలోకి ఎత్తుకోదగ్గ రూపం. క్లయింటు ఇంగ్లీషులో కావాలంటే ఇవే విషయాలు ఇదే వరుసలో ఇంగ్లీషులో పెట్టండి.

> 1. సంస్థ ఈ పనిని ఎప్పుడైనా ఈమెయిల్ లేదా వాట్సాప్ ద్వారా రాతపూర్వకంగా తెలిపి రద్దు చేసుకోవచ్చు. 15 రోజులు దాటిన వాయిదాను, అనువాదకులు గుర్తు చేసిన 10 రోజుల్లో మూలం పంపకపోవడాన్ని రద్దుగానే లెక్కించాలి.
>
> 2. రద్దు చేసినప్పుడు సంస్థ (అ) సమాచారం అందే సమయానికి తొలి ప్రతి పూర్తయిన పదాలకు పూర్తి రేటు, (ఆ) మిగిలిన పదాల విలువలో 30 శాతం చెల్లించాలి. లెక్క ఇంగ్లీషు మూలంలోని పదాల మీద ఉంటుంది.
>
> 3. అడ్వాన్సును ఈ మొత్తంలో సర్దుబాటు చేయాలి. రావలసిన సొమ్ము అడ్వాన్సు కన్నా తక్కువైనా అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కర్లేదు.
>
> 4. మూడో పక్షం నుంచి సంస్థకు డబ్బు అందినా అందకపోయినా పై మొత్తాన్ని బిల్లు అందిన 15 రోజుల్లో చెల్లించాలి.
>
> 5. పూర్తి చెల్లింపు అందేవరకు అనువాదంపై కాపీరైటు అనువాదకులదే. అప్పటివరకు సంస్థ దానిని ప్రచురించకూడదు, వేరొకరికి ఇచ్చి పూర్తి చేయించకూడదు.

రెండో దానిలో "ఇంగ్లీషు మూలంలోని పదాలు" అన్నది అనవసరంగా పెట్టింది కాదు. ఇంగ్లీషులో నాలుగు పదాలు పట్టే విషయం తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోయి రెండు పదాల్లో ఇమిడిపోతుంది. తెలుగు ఫైలు తెరిచి పదాలు లెక్కపెడితే మీ 11,400 చాలా తగ్గి కనిపిస్తాయి. రద్దు రోజున ఈ పేచీ రాకుండా మూలం మీదే లెక్కంటే సరి.

"తొలి ప్రతి" అన్నదాన్ని కొందరు క్లయింట్లు ఒప్పుకోరు. సరిదిద్దని ప్రతికి పూర్తి డబ్బు ఎందుకంటారు. అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఇలాంటి పుస్తకంలో మొదటి పదివేల పదాల్లోనే పారిభాషిక పదాల పట్టిక తయారవుతుంది, ఫ్లోరోసిస్ లాంటివాటికి ఊళ్లో జనం ఏమంటారో కనుక్కోవడం అప్పుడే జరుగుతుంది. కష్టం ముందరే ఉంటుంది కాబట్టి నేను పూర్తి రేటే అడుగుతాను. మరీ పట్టుబడితే తొలి ప్రతికి 80 శాతం దగ్గర ఆగండి.

ఐదో దాని వెనక 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. ఉద్యోగి కాని వ్యక్తి చేసిన అనువాదానికి మామూలుగా తొలి యజమాని అతనే, హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి. అందుకే సంస్థల ఒప్పందాల్లో "పని తయారైన క్షణం నుంచి సర్వహక్కులూ సంస్థవే" అని ఉంటుంది. ఆ వాక్యాన్ని "పూర్తి చెల్లింపు అందిన క్షణం నుంచి" అని మార్పించండి. క్లయింటు మీద మీకు మిగిలే పట్టు అదొక్కటే.

రచయితకూ అనువాదకుడికీ తేడా ఇక్కడే వస్తుంది. సొంత వ్యాసం రద్దయితే రచయిత దాన్ని ఇంకో పత్రికకు అమ్ముకోవచ్చు. ఉదాహరణకు శ్రీశైలం ఎడమ గట్టు సొరంగం మీద రాసిన వ్యాసం ఒకచోట ఆగితే ఇంకోచోట అచ్చవుతుంది. అందుకే రచయితకు చేసిన పనికి కలిపి పావు నుంచి సగం దాకా కిల్ ఫీ వచ్చినా గిట్టుతుంది, హక్కులు వెనక్కి వస్తాయని రాసుకుంటే చాలు. అనువాదకుడికి ఆ దారి లేదు. మూలం మీద అనువాద హక్కు వేరేవాళ్లది కాబట్టి మీరు చేసిన 11,400 పదాలను ఎవరికీ అమ్మలేరు. క్లయింటు "పత్రికలవాళ్లు పావు వంతే ఇస్తారు కదా" అన్నప్పుడు చెప్పాల్సిన జవాబు ఇదే.

దుభాషి పని ఆఖరి నిమిషంలో రద్దయితే

పదాల లెక్క ఇక్కడ పనికిరాదు, గడియారం లెక్క కావాలి. ఢిల్లీ నుంచి పరిశోధకులు మర్రిగూడ, దేవరకొండ వైపు ఊళ్లలో మూడు రోజులు జనంతో మాట్లాడాలి, మీరు పక్కన ఉండి తెలుగూ ఇంగ్లీషూ అటూ ఇటూ చెప్పాలి. రోజుకు 4,000. సోమవారం పొద్దున ఎనిమిదికి నల్గొండ నుంచి బయల్దేరాలి. కారుకు మీరే 2,500 బయానా ఇచ్చారు. ఆదివారం రాత్రి ఏడుకు "ఫ్లైట్ కాన్సిల్ చేశాం, వచ్చే నెల వస్తాం" అని సందేశం వచ్చింది.

ఇలాంటి పనికి మెట్లు పెట్టండి. ఏడు రోజుల ముందు చెబితే ఏమీ లేదు, అప్పటికే అయిన ఖర్చు తప్ప. ఏడు రోజులకూ 24 గంటలకూ మధ్యలో చెబితే మొదటి రోజుకు సగం. 24 గంటలు కూడా లేనప్పుడు మొదటి రోజుకు పూర్తిగా, మిగతా రోజులకు సగం. ఖర్చులు ఎప్పుడైనా రసీదు ప్రకారం. పై ఉదాహరణలో మొదటి రోజు 4,000, మిగతా రెండు రోజులకు సగం చొప్పున 4,000, కారు 2,500, మొత్తం 10,500. బయానాకు డ్రైవర్ దగ్గర కాగితం లేకపోతే యూపీఐలో పంపిన స్క్రీన్‌షాట్ చాలు. నగదు ఇచ్చారంటే మాత్రం నిరూపించడం కష్టం.

24 గంటలు ఎక్కడినుంచి లెక్కించాలో రాయకపోతే అదో గొడవ. మీరు బయల్దేరే సమయం నుంచి వెనక్కి లెక్క అని, ఆదివారాలూ ప్రభుత్వ సెలవులూ ఆ లెక్కలో కలవవని రాయండి. అప్పుడు సోమవారం పొద్దున పనికి శనివారం పొద్దున ఎనిమిదిలోపే చెప్పాలి. ఆదివారం నాడు మీరు వేరే పని వెతుక్కోలేరు కదా.

బంద్, వరద, కర్ఫ్యూ లాంటివాటికి మినహాయింపు ఇవ్వాల్సిందే. అప్పుడు కూలి అడగకండి, ఖర్చు మాత్రం రాబట్టుకోండి. అయితే మినహాయింపుల జాబితాను క్లయింటు రాసి పంపితే ఒకసారి చివరిదాకా చదవండి. "నిధుల కొరత, పరిపాలనా కారణాలు" అన్న మాటలు అందులోకి ఎక్కి కూర్చుంటాయి. అవి ఉంటే మెట్లన్నీ దండగ.

ఎలా అడగాలి

పరిచయస్తులతో ఈ మాట ఎత్తడం ఇబ్బందే. "గివన్నీ మనకెందుకన్నా, మన మధ్య కాగితాలేంది" అంటారు. నిజంగానే మంచివాళ్లు అయి ఉంటారు కూడా. కానీ వచ్చే నెల ఆ కుర్చీలో ఆయన ఉండకపోవచ్చు. ఆ మాటే చెప్పండి: "మీరున్నంత కాలం నాకు ఫికర్ లేదు సార్, రేపు మీ జాగాల ఇంకొకరొస్తే వాళ్లకు తెల్వాలె కదా." దానికి నొచ్చుకునేవాళ్లు తక్కువ.

రేటు తేలిన తర్వాత, సంతకానికి ముందు, అదే ఈమెయిల్లో షరతు పంపండి. స్టాంపు కాగితం కోసం పని ఆపుకోనక్కర్లేదు. ఈమెయిల్లో ప్రతిపాదన, ఈమెయిల్లో అంగీకారం ఉంటే 2000 నాటి ఐటీ చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం అది ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. "ఓకే, స్టార్ట్ చేయండి" అని వచ్చిన జవాబును మాత్రం తుడిచేయకండి. పెద్ద సంస్థలు తమ నమూనాయే వాడాలంటే, అన్నీ మార్చమని కూర్చోకండి. పైన రాసిన రెండో షరతు, నాలుగో షరతు, ఈ రెండూ అనుబంధంగా పెట్టించుకుంటే చాలు.

రద్దు సందేశం వచ్చిన రోజు

కీబోర్డు మీదినుంచి చేతులు తీసేయండి. సందేశం తర్వాత చేసిన పదాలు లెక్కలోకి రావు, మర్యాదకు ఆ పేజీ పూర్తి చేసినా డబ్బు రాదు. మూలం ఫైల్లో ఎక్కడిదాకా వచ్చారో ఆ వాక్యాన్ని రంగుతో గుర్తు పెట్టి, అక్కడిదాకా పదాల సంఖ్య చూసుకుని, ఆ ఫైలును మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. తేదీ, సమయం దానికదే పడుతుంది. తర్వాత అదే రోజు క్లయింటుకు బిల్లు పంపండి. బిల్లులో రెండు వరుసలు విడిగా ఉండాలి: చేసిన పని 17,100, రద్దు రుసుము 8,370, అడ్వాన్సు తీసివేత 13,500, రావలసింది 11,970.

విడిగా ఎందుకంటే, గొడవ వస్తే రెండో వరుస మీదే వస్తుంది. చేసిన పనికి డబ్బివ్వం అని ఎవరూ నోరు తెరిచి అనలేరు. రెండూ కలిపి ఒకే అంకె వేస్తే మొత్తం బిల్లే ఆగిపోతుంది.

పూర్తి చేయని ఫైలును డబ్బు రాకముందే పంపాలా? వాళ్లు తప్పక అడుగుతారు. మొదటి రెండు పేజీలూ, పదాల పట్టికలో ఒక పేజీ నమూనాగా పంపి, మిగతాది డబ్బు అందిన రోజే పంపుతానని చెప్పండి. ఐదో షరతు దీనికే.

రాకపోతే

పని మొదలయ్యేలోపే చేసుకోవాల్సిన పని ఒకటి ఇక్కడ అక్కరకొస్తుంది, చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు. udyamregistration.gov.in లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది, అనువాద సేవలకూ వర్తిస్తుంది. సూక్ష్మ సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మీకు రావలసిన డబ్బును, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, 45 రోజులు దాటి ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదు ఆన్‌లైన్లో పెడితే, ఇలాంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. పని అయ్యాక నమోదు చేసుకుని పాత బాకీ అడిగితే అవతలివాళ్లు దాన్నే పట్టుకుని సాగదీస్తారు, అందుకే ముందే చేసుకోమనడం. అలాగే ఈ చట్టం అందించిన సేవలకు సంబంధించింది కాబట్టి, చేసిన 11,400 పదాల మీద మీ పట్టు గట్టిగా ఉంటుంది, రద్దు రుసుము మీద అవతలివాళ్లు వాదనకు దిగవచ్చు. బిల్లులో వరుసలు విడగొట్టమన్నది దీనికి కూడా.

పది పన్నెండు వేల కోసం సివిల్ దావా వేస్తే ఖర్చు, తిరుగుడు చూసుకోవాలి. దానికంటే ముందు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టు ప్రాంగణాల్లో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే వీలుంది, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అవతలివాళ్లు రాకపోతే రాజీ కుదరదు, అది దీని హద్దు. అప్పుడు లాయరు నోటీసు, ఆ తర్వాత దావా. బాకీ పడిన నాటినుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మధ్యలో వాళ్లు "ఇస్తాం, ఇస్తాం" అని ఫోన్లో చెప్పినంత మాత్రాన ఆ గడువు పెరగదు. గడువు ఇంకా ఉండగానే బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే మాత్రం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకొస్తాయి.